హాల్లో ఉయ్యాల బల్ల: కొక్కెం ఎంత మోయాలి?

అట్లతద్దికి ఉయ్యాల కట్టడానికి పెరట్లో చెట్టు లేని ఇళ్లలో ఉయ్యాల బల్ల హాల్లోకి వచ్చేసింది. చాలామంది బల్ల, ఇత్తడి గొలుసులు ముందు కొని, కొక్కెం సంగతి తరవాత చూసుకుంటారు. నిజానికి లెక్క కొక్కెం దగ్గర మొదలుకావాలి.

నాలుగడుగుల టేకు బల్ల పదిహేను కిలోలు, గొలుసులు పది కిలోలు, కూర్చునే ఇద్దరూ కలిసి 140 కిలోలు అనుకుందాం. మొత్తం 165. ఇది ఉయ్యాల కదలకుండా ఉన్నప్పటి బరువు. గొలుసు నిటారు నుంచి 45 డిగ్రీల దాకా వెళ్లేట్టు ఊగితే, బల్ల కిందికి వచ్చిన క్షణంలో కొక్కేల మీద లాగుడు సుమారు 1.6 రెట్లవుతుంది. ఎవరైనా ధబ్బున కూర్చుంటే ఇంకా పెరుగుతుంది. అందుకే రెట్టింపు, అంటే 330 కిలోలుగా లెక్క వేసుకోవాలి. కొక్కేలు రెండున్నా బరువు సమానంగా పంచుకుంటాయనుకోకూడదు. ఇద్దరూ ఒక చివరకు జరిగితే ఆ వైపు కొక్కెం మీదే మూడింట రెండు వంతులు, 220 కిలోలు పడతాయి. కాబట్టి ఒక్కో కొక్కేనికి కనీసం 250 కిలోల వాడుక సామర్థ్యం ఉండాలి. ఆ అంకె కొక్కెం మీదో దాని పెట్టె మీదో ముద్రించి ఉండాలి. ఏ అంకే లేని అలంకారపు కొక్కెం కొనకండి.

ఫ్యాన్ హుక్కుకు ఉయ్యాల తగిలించడం ప్రమాదం. సీలింగ్ ఫ్యాన్ బరువు నాలుగైదు కిలోలే. ఆ హుక్కును స్లాబు వేసేటప్పుడు ఇనుప చువ్వలకు గట్టిగా కట్టారో, ఊరికే కాంక్రీటులో గుచ్చారో కింద నుంచి తెలియదు. ఫాల్స్ సీలింగ్ అసలే బరువు మోయదు. దాన్ని కోసి పైనున్న స్లాబు దాకా వెళ్లాలి. ఇల్లు కట్టేటప్పుడే చువ్వలకు చుట్టి ఉయ్యాల కొక్కేలు పెట్టించుకోవడం అన్నిటికన్నా మేలు.

కట్టేసిన ఇంట్లో అయితే నాలుగు బోల్టుల ఇనుప పలకతో ఉన్న కొక్కెం వాడాలి. అయిదంగుళాల స్లాబులో 12 మి.మీ. యాంకర్ బోల్టు మూడంగుళాలు దిగాలి. ఆ లోతును కాంక్రీటు నుంచి కొలవాలి. పైపూత ప్లాస్టరింగ్ లెక్కలోకి రాదు. బోల్టు ఊడేటప్పుడు తన చుట్టూ ఉన్న కాంక్రీటును శంకువులా పెకలించుకు వస్తుంది. బోల్టులు మరీ దగ్గరగా ఉంటే అన్నీ ఒకే ముక్కను పట్టుకుని వేలాడినట్టే. నాలుగంగుళాల స్లాబుకు, పాత ఇంటికి, పగుళ్లూ చెమ్మా ఉన్న చోటికి స్ట్రక్చరల్ ఇంజనీరును అడగకుండా డ్రిల్లు పెట్టకండి.

పని చెడేది ఎక్కువగా రంధ్రం దగ్గరే. లోపలి దుమ్మును బ్రష్‌తో గీకి, గాలితో ఊది తీయకపోతే బోల్టు దుమ్మును పట్టుకుంటుంది కాని కాంక్రీటును కాదు. డ్రిల్లుకు చువ్వ తగిలితే దాన్ని కోయకుండా రంధ్రం పక్కకు జరపాలి. స్లాబులో కరెంటు పైపులుంటాయి కనుక మెయిన్ ఆపాకే పని మొదలుపెట్టాలి. రసాయన జిగురుతో బిగించే యాంకర్లయితే, నెత్తి మీద నిరంతరం వేలాడే బరువుకు తగినవని తయారీదారు చెప్పినవే వాడాలి. 2006లో అమెరికాలోని బోస్టన్‌లో ఒక సొరంగ మార్గపు పైకప్పు పలకలు కారు మీద కూలి ఒకరు మరణించారు. అక్కడి బోల్టులను పట్టి ఉంచిన జిగురు బరువుకు మెల్లమెల్లగా సాగి వదిలేసిందని దర్యాప్తులో తేలింది.

రెండు కొక్కేల మధ్య దూరం బల్ల పొడవుకు సమానంగా ఉంటే గొలుసులు నిటారుగా దిగుతాయి. మనుషులు ఎక్కే ముందు ఇసుక బస్తాలతో పరీక్షించాలి. బల్ల కింద రెండంగుళాల ఖాళీ ఉండేలా ఇటుకలు పేర్చి, యాభై కిలోల బస్తాలు ఒక్కొక్కటే ఆరు దాకా ఎక్కించి గంటసేపు ఉంచాలి. పలకకూ స్లాబుకూ మధ్య సందు కనిపించినా, ప్లాస్టరింగ్ చుట్టూ గీత పడినా ఆ బిగింపు పనికిరాదు.

తరవాత అరిగేది గొలుసు కొక్కేన్ని తాకే చోటు. నోరు తెరిచి ఉన్న కొక్కెం సాగిపోతుంది. అందుకే మూసి ఉన్న రింగు, దానిలో తిరిగే బేరింగు మంచివి. నెలకోసారి నిచ్చెన వేసుకుని చూడాలి. గొలుసు లంకె పదోవంతు మందం అరిగినా, కొక్కెం చుట్టూ తుప్పు మరక కనిపించినా, ఊగేటప్పుడు కొత్తగా టక్కుమని శబ్దం వచ్చినా ఉయ్యాల ఆపేయాలి.

దీపావళికి కట్టే పెద్ద లాంతరు ఊగదు కనుక లెక్క తేలిక. ఇరవై కిలోల లాంతరుకు వంద కిలోలు మోసే కొక్కెం చాలు. అయితే బరువంతా గొలుసే మోయాలి, కరెంటు తీగ వదులుగా ఉండాలి.