నెలకు పన్నెండు కరౌసెళ్లు

ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకే పోస్టు కింద కొన్ని బొమ్మలను వరుసగా పెట్టి, చదివేవారు వేలితో ఒక్కొక్కటే పక్కకు జరుపుకుంటూ పోయే ఏర్పాటును కరౌసెల్ అంటారు. ఇది 2017లో వచ్చింది. మొదట పది బొమ్మలకే అవకాశం ఉండేది, 2024 ఆగస్టు నుండి ఇరవై దాకా పెట్టుకోవచ్చు. ఫోను అంతగా వాడని మన అధ్యాపకుల కోసం చెప్పాలంటే, ఒక చిన్న గోడపత్రికను ఎనిమిది అట్టముక్కలుగా కోసి వరుసగా చేతికందించడం లాంటిది. ఒక్కొక్క ముక్కను ఇక్కడ కార్డు అంటాను.

పత్తికొండ నుండి మెట్ట సేద్యం గురించి తెలుగులో ఇలాంటి పేజీని నేనొక్కరినే నడుపుతున్నాను. రాసేది, బొమ్మలు దిద్దేది, జవాబులిచ్చేది అంతా ఒకే మనిషి. వారానికి మూడు చొప్పున నెలకు పన్నెండు కరౌసెళ్లు, ఒక్కొక్క దానికి ఎనిమిది కార్డులు, వెరసి 96 కార్డులు. ప్రాక్టికల్ రికార్డులు, పరీక్షలు, సెలవుల్లో చేను పని ఉండగా ఇన్ని కార్డులను రోజుకింత అని రాయడం కుదరదు. కుదరకపోవడానికి కారణం రాతకు పట్టే సమయం కాదు, "ఈరోజు దేనిమీద రాయాలి?" అన్న ప్రశ్న. అది ప్రతిరోజూ మొదటినుంచి పుడుతుంది, రాయవలసిన గంటను అదే తినేస్తుంది. దానికి నెలకు ఒక్కసారే జవాబు చెప్పుకునే పద్ధతిని వివరించడమే ఈ వ్యాసం పని. నా జూలై నెల పట్టికనే ఉదాహరణగా తీసుకుంటాను.

ముందుగా విషయాలను కొన్ని శాఖలకు కట్టేయాలి. ఇంగ్లీషువాళ్లు వీటిని కంటెంట్ పిల్లర్లు అంటారు. మావైపు పందిరికి పాతే గుంజలు గుర్తొస్తాయి గనుక నేను గుంజలనే అంటాను. నావి నాలుగు: పైరు వెనకనున్న శాస్త్రం, సంత లెక్క, మన ప్రాంతపు చరిత్ర, చదివేవారి ప్రశ్నలు. జూలైలో వీటికి వరుసగా నాలుగు, మూడు, మూడు, రెండు కరౌసెళ్లు పంచాను. ముంగారు విత్తనం పడే కాలం గనుక పైరు శాస్త్రానికి ఒకటి ఎక్కువ దక్కింది.

గుంజ గట్టిదా కాదా అని చూడడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. పుస్తకం తెరవకుండా, ఫోను ముట్టకుండా, దానికింద పది శీర్షికలు రాయగలగాలి. ఆరో శీర్షిక దగ్గరే పెన్ను ఆగిపోతే అది గుంజ కాదు, ఒక్క వ్యాసం. "రైతు సమస్యలు" అన్నది వినడానికి పెద్ద గుంజలాగే కనిపిస్తుంది గాని, అందులో అన్నీ పడతాయి, కాబట్టి ఏదీ నిలవదు. అదే "సంత లెక్క" అంటే సరుకు చేనులోంచి కదిలినప్పటి నుంచి డబ్బు చేతికొచ్చేదాకా జరిగే కూడికలు, తీసివేతలు మాత్రమే. హద్దు ఉంది గనుకనే పది శీర్షికలు వెంటనే దొరుకుతాయి: కోత కూలి, పెట్టెల బాడిగ, ఆటో బాడిగ, కమీషను, కాయల తరుగు, ఇలా.

చరిత్ర గుంజకు మా ప్రాంతంలో కరువు లేదు. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1827 జూలై 6న కలరాతో చనిపోయింది పత్తికొండలోనే. ఆ కార్డు పడవలసిన తేదీని చరిత్రే నిర్ణయించిపెట్టింది. ఎర్రగుడి దగ్గరి అశోకుని శాసనాలలో ఒకదానిలో కొన్ని పంక్తులు ఎడమనుంచి కుడికి, వాటి తరువాతవి కుడినుంచి ఎడమకు నడుస్తాయి. ఎద్దులు సాలు చివర తిరిగి వచ్చినట్టుగా రాయడం అన్నమాట. గ్రీకులు ఈ తరహా రాతకు పెట్టిన పేరుకు అర్థం కూడా ఎద్దు మలుపే. సేద్యం పేజీలో చరిత్ర ఎందుకని అడిగేవారికి ఆ ఒక్క కార్డు చాలు. మూడోది, తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి వైపు చేలల్లో జనం వజ్రాల కోసం వెదికే సంగతి.

ఇక రాత. పన్నెండింటినీ ఒకదాని తరువాత ఒకటి పూర్తి చేసుకుంటూ పోకూడదు. పన్నెండింటికీ ఒకే రకం పనిని ఒకేసారి చేయాలి. దీనినే బ్యాచ్ రైటింగ్ అంటారు. చేను మొత్తం దున్ని, ఆ తరువాత మొత్తం గుంటక తోలి, ఆ తరువాత గొర్రుతో విత్తుతాం గాని, ఒక్కొక్క సాలునే దున్ని, గుంటక తోలి, విత్తి మళ్లీ మొదలు పెట్టం కదా. శీర్షికలు వెదికే బుద్ధి వేరు, వాక్యాలు తగ్గించే బుద్ధి వేరు, బొమ్మ దిద్దే కన్ను వేరు. ఒకదానినుంచి ఒకదానికి మారినప్పుడల్లా పదిహేను నిమిషాలు పోతాయి.

జూన్ చివరి ఆదివారం ఇరవై శీర్షికలు రాసి, పన్నెండు ఉంచుకున్నాను. రెండో రోజు పన్నెండింటికీ మొదటి కార్డు, చివరి కార్డు మాత్రమే రాశాను. చివరి కార్డు ముందే రాయడం వింతగా అనిపించవచ్చు గాని, చదివినవాడు ఏం పట్టుకొని పోవాలో తెలిస్తే నడుమ ఆరు కార్డులలో ఏది అక్కరలేదో తనంతట తేలిపోతుంది. మూడు, నాలుగు రోజులలో నడిమి కార్డులు. ఇదంతా నోటుబుక్కులోనే, ఒక్కొక్క పుటను ఎనిమిది గళ్లుగా గీసుకుంటాను. గడిలో పట్టని వాక్యం ఫోనులోనూ పట్టదు. కార్డుకు పాతిక మాటలు దాటితే చదివేవారి వేలు ఆగదు. అయిదో రోజు ఫోనులో అచ్చు.

ఆ పన్నెండులో ఒకదానిని విప్పి చూపిస్తాను. శీర్షిక: "శెనక్కాయలో గింజ ఎందుకు లొట్టపోతుంది?" మొదటి కార్డు ఇదే. చివరి కార్డు: "తొలి పూతలో, చెట్టు మొదళ్ల దగ్గర, తేమ ఉన్నప్పుడు జిప్సం." ఈ రెంటి నడుమ దారి వేయాలి. రెండో కార్డులో, చెట్టు పచ్చగా ఉన్నా కాయ లొట్టపోవచ్చునన్న సంగతి. మూడోదాంట్లో పూత నుండి ఊడ దిగి భూమిలో కాయ కావడం. నాలుగోది అసలు కీలకం: వేరు పీల్చిన కాల్షియం నీటితోపాటు ఆకులకు ఎక్కుతుంది, ఆకులనుంచి తిరిగి కిందికి దిగదు, మట్టిలో పూడివున్న కాయ నుంచి నీరు ఆవిరయ్యేది బహు స్వల్పం గనుక ఆ ప్రవాహం కాయకు చేరదు. అందువల్ల కాయే తన చుట్టూ ఉన్న మట్టినుంచి కాల్షియం తీసుకోవాలి, ఇది అయిదోది. ఆరో కార్డులో ఎకరాకు 200 కిలోల జిప్సం అన్న సిఫారసు. ఏడోది హద్దులు చెబుతుంది: పొడి నేలలో జిప్సం కరగదు, పనిచేయదు, నేలలో కాల్షియం ముందే దండిగా ఉంటే లాభం తక్కువ, భూసార పరీక్ష చేయించుకోవాలి. హద్దుల కార్డును చోటు చాలలేదని తీసేయడం చాలా పేజీలలో చూస్తున్నాను. సలహా ఇచ్చేవారు మొదట ఉంచుకోవలసింది ఆ కార్డునే.

ఈ కరౌసెల్‌ను ఏ రోజున వేయాలి? విత్తిన 25, 30 రోజులకు పూత మొదలవుతుంది. జూన్ నెలాఖరుకు విత్తనం పడితే జూలై నాలుగో వారం. వాన వెనకబడితే విత్తనం వెనకబడుతుంది, దానితో కార్డూ వెనకబడాలి. కనుక పట్టికలో దీని ఎదుట తేదీ రాయలేదు, "విత్తిన నాలుగో వారం" అని రాసుకున్నాను. పైరుకు సంబంధించిన ప్రతి కార్డునూ పైరు వయసుకే కట్టాలి, క్యాలెండరుకు కాదు. ఇన్‌స్టాగ్రామ్ ప్రొఫెషనల్ ఖాతాలో 75 రోజుల ముందునుంచే పోస్టులను షెడ్యూల్ చేసే వీలుంది గాని, ఆ వీలే ఇక్కడ ప్రమాదం. నెలంతా కట్టేసి మరిచిపోతే, చినుకు లేక చేను బీడుగా ఉన్ననాడు "పూత దశలో ఏం చేయాలి" అని కార్డు పడుతుంది. చూసినవాడు నవ్వి ఊరుకోడు, తరువాతి కార్డును నమ్మడు. అందుకని ఒక్కొక్క వారానికి మాత్రమే షెడ్యూల్ చేసి, ఆదివారం మళ్లీ ఆకాశం చూసి కడతాను.

ముందే రాసి పెట్టుకోగలిగినవి అన్నీ ఒకటి కావు. కొన్ని కందుల వంటివి, ఎండబెట్టి దాచుకోవచ్చు. కొన్ని టమోటా వంటివి, రెండు రోజులకే మెత్తబడతాయి. శాస్త్రం, చరిత్ర, ప్రశ్నలు కలిపి తొమ్మిదీ కందులే. సంత లెక్క మూడూ టమోటాలు. అయితే టమోటా కార్డులోనూ లెక్క వేసే పద్ధతి చెడిపోదు, అంకె మాత్రమే చెడిపోతుంది. కాబట్టి ఎనిమిదింటిలో ఏడు కార్డులు బ్యాచ్‌లోనే రాసేసి, ధర ఉండే ఒక్క కార్డును ఖాళీగా ఉంచుతాను. పత్తికొండ మార్కెట్లో ఆ పొద్దు పలికిన ధర తెలిశాక, అంకె నింపి అప్పుడే వేస్తాను. ఆ పూట కుదరకపోతే దాని బదులు ఒక కంది కార్డు పడుతుంది.

ధర కార్డు గురించి మా నాయన అన్న మాటతో నా పద్ధతిలో ఒక నియమం చేరింది. "రేటు రాస్తే ఏ పొద్దుదో దాని మీదనే రాయి. నిన్నటి రేటు నమ్ముకొని పెట్టెలు ఎత్తుకొని పోయినోనికి ఆటో బాడిగ గూడా రాదు" అన్నాడు. ఇందులో ఎంత సంగతి ఉందో జనం కార్డులు వాడే తీరు చూస్తే తెలుస్తుంది. మా ఊళ్లలో ఇన్‌స్టాగ్రామ్ చూసేది పిల్లలు. వాళ్లు ధర ఉన్న ఒక్క కార్డును ఫొటో తీసుకొని ఇంటి వాట్సప్ గ్రూపులో పెడతారు. ఎనిమిది కార్డులలో ఏడు, కింద రాసిన వివరమంతా అక్కడే ఉండిపోతుంది. వారం గడిచాక కూడా ఆ ఒక్క కార్డు గ్రూపులు తిరుగుతూనే ఉంటుంది. కనుక తేదీ, మార్కెట్ పేరు కింది వివరంలో ఉంటే చాలదు, అంకె పక్కనే, అంకె అంత పెద్దగా ఉండాలి. వేసిన తరువాత వివరాన్ని దిద్దవచ్చు గాని, బొమ్మలో అచ్చయిన అక్షరాన్ని దిద్దలేం.

అచ్చు గురించి ఒక ముక్క. తెలుగుకు ఒత్తులున్నాయి. ఇంగ్లీషు కోసం చేసిన నమూనాలో తెలుగు పోస్తే పై వరుస ఒత్తు కింది వరుస గుడిమీద కూర్చుంటుంది, "క్ష్మ" వంటిది నల్లటి మచ్చవుతుంది. వరుసల మధ్య ఎడం అక్షరం ఎత్తులో సగమైనా వదలాలి. శీర్షికకు రామభద్ర, లోపలి రాతకు మండలి వంటి ఉచిత ఖతులు సరిపోతాయి. చూసుకోవడం సులభం: ఫోనును చేయి చాచినంత దూరంలో పెట్టి, కళ్లజోడు లేకుండా మా జేజిని చదవమంటాను.

నెలాఖరున లెక్క చూసేటప్పుడు లైకుల వైపు నేను పోను. చరిత్ర కార్డుకు లైకులు ఎక్కువ, జిప్సం కార్డుకు దాచుకునేవారు ఎక్కువ. రెండింటికీ ఒకే కొలత పెట్టడం తప్పు. గుంజవారీగా దాచుకున్నవి, ఇతరులకు పంపినవి రెండే రాసుకుంటాను. పన్నెండు కరౌసెళ్లతో తేలేది కొంచెమే గనుక, మూడు నెలలు చూడకుండా ఏ గుంజనూ పీకను. అంతకన్నా వెంటనే పనికొచ్చే గుర్తు ఒకటుంది: కార్డులో చెప్పిన సంగతినే కింద ఎవరైనా మళ్లీ అడిగితే, అది చదివేవారి అజాగ్రత్త కాదు, కార్డుల వరుస తప్పిందన్నమాట. జిప్సం కరౌసెల్ కింద ముగ్గురు "విత్తేటప్పుడే వేస్తే కాదా?" అని అడిగారు. అది ఆగస్టు నెల ప్రశ్నల గుంజలో మొదటి శీర్షిక అయ్యింది.