తాళం తీసిన ఫోన్‌కు మళ్లీ పిన్ ఎందుకు?

ఫోన్ తెరవడానికి ఒకసారి వేలు పెట్టాం. ఫోన్‌పేనో గూగుల్ పేనో తెరిస్తే అదీ వేలిముద్ర అడిగింది, ఇచ్చాం. కిరాణా కొట్టులో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి 640 అని కొట్టాక మళ్లీ పిన్ కొట్టమంటుంది. వెనక నలుగురు నిలబడి ఉంటే ఇదంతా చాదస్తంగానే తోస్తుంది. అయితే ఈ మూడు తనిఖీలూ ఒక్కరే చేసేవి కావు. మొదటి రెండూ మన ఫోన్ తనలో తాను చేసుకునేవి, మూడోది మన బ్యాంకు చేసేది. ఫోన్ తెరిచింది మనమో మన పిల్లవాడో బ్యాంకుకు తెలిసే దారి లేదు. ఆ వేలిముద్ర ఫోన్ దాటి ఎక్కడికీ పోదు కూడా.

ఈసారి డబ్బు పంపేటప్పుడు పిన్ అడిగే పేజీని కాస్త ఆగి చూడండి. అప్పటిదాకా కనిపించిన యాప్ రంగులు, హంగులు మాయమై, పైన బ్యాంకు పేరు, యూపీఐ గుర్తు, ఎవరికి పంపుతున్నామో ఆ పేరు, మొత్తం, కింద అంకెలు మాత్రమే మిగులుతాయి. ఏ యాప్ వాడినా ఈ పేజీ దాదాపు ఒకేలా ఉంటుంది. కారణం, ఇది యాప్ కంపెనీ తయారు చేసిన పేజీ కాదు. యూపీఐని నడిపే నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్, అంటే ఎన్‌పీసీఐ, ప్రతి యాప్‌లోనూ పెట్టించిన భాగం ఇది. సాంకేతిక వర్గాలు దీన్ని ‘కామన్ లైబ్రరీ’ అంటాయి.

మనం కొట్టిన అంకెలను ఈ భాగం అక్కడికక్కడే, ఫోన్‌లోనే, ఎన్‌పీసీఐ మాత్రమే విప్పగల సంకేత రూపంలోకి మార్చేస్తుంది. యాప్ కంపెనీ ఆ మూటను మోసుకెళ్లి అప్పగిస్తుందే గానీ లోపలేముందో చూడలేదు. ఎన్‌పీసీఐ దాన్ని మన ఖాతా ఉన్న బ్యాంకు విప్పగలిగేలా మళ్లీ సంకేతంగా మార్చి పంపుతుంది. పిన్ సరైనదా కాదా తేల్చేది ఆ బ్యాంకే. ఒక యాప్‌లో పెట్టుకున్న పిన్ అదే ఖాతాకు ఇంకో యాప్‌లోనూ పనిచేయడం చాలామందికి వింతగా ఉంటుంది. పిన్ ఖాతాది, యాప్‌ది కాదు. అందుకే రెండు బ్యాంకుల్లో ఖాతాలుంటే రెండు పిన్‌లు పెట్టుకోవాలి.

ఆ మూటలో పిన్ ఒంటరిగా వెళ్లదు. ఆ లావాదేవీ నంబరుతో ముడిపడి వెళ్తుంది. కాబట్టి కిరాణా కొట్టుకు 640 పంపేందుకు కొట్టిన పిన్‌ను దారిలో ఎవరైనా పట్టుకున్నా, దాంతో ఇంకొకరికి 6,400 పంపడం కుదరదు. బ్యాంకులో డబ్బు తీసుకునే ఫారం మీద పెట్టే సంతకం లాంటిదన్నమాట. లోపలికి రానిచ్చిన వాచ్‌మన్ మనల్ని గుర్తుపట్టాడని క్యాషియర్ సంతకం వద్దనడు కదా! పైగా ఆ సంతకం ఆ ఒక్క ఫారానికే చెల్లుతుంది.

ఇక ఫోన్‌కు అసలు విలువే లేదా అంటే, ఉంది. యాప్ మొదటిసారి పెట్టుకున్నప్పుడు అది మన సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ పంపడం గుర్తుందా? ‘వెరిఫై చేస్తున్నాం’ అని చక్రం తిరుగుతుంది చూడండి, అప్పుడు. ఆ మెసేజ్‌తో ఈ నంబరు, ఈ ఫోన్ జోడీగా నమోదవుతాయి. ఆ తర్వాత మన దగ్గరున్న వస్తువుగా ఈ ఫోన్ ఒక రుజువు, మనకు మాత్రమే తెలిసిన పిన్ రెండో రుజువు. డిజిటల్ చెల్లింపుకు ఇలాంటి రెండు రుజువులు కావాలన్నది రిజర్వు బ్యాంకు పద్ధతి. తాళం తీసి ఉన్న ఫోన్ మొదటి రుజువే అవుతుంది. మన ఇళ్లలో ఫోన్ లాక్ ఎంత రహస్యమో తెలిసిందే: పిల్లలకు ఆటలకు తెలియాలి, ఇంట్లోవాళ్లకు ఫోన్ ఎత్తడానికి తెలియాలి. ఆ లాక్ తెలిసినవాళ్లు సెట్టింగ్స్‌లోకి వెళ్లి తమ వేలిముద్రనూ చేర్చుకోవచ్చు, దాంతో యాప్ తాళం కూడా తెరుచుకోవచ్చు. వాళ్లను ఆపేది బ్యాంకు దగ్గరున్న పిన్ ఒక్కటే. ఫోన్ లాక్‌కూ యూపీఐకీ ఒకే అంకెలు పెట్టుకున్నవాళ్లు ఆ ఒక్క అడ్డునూ తామే తీసేసినట్టు.

చిన్న మొత్తాలకు ఇంత తతంగం అక్కర్లేదని 2022లో యూపీఐ లైట్ తెచ్చారు. అందులో ముందుగా పిన్ కొట్టి కొంత డబ్బు పక్కన పెట్టుకుంటాం. ఆ తర్వాత టీకీ ఆటోకీ ఇచ్చేటప్పుడు పిన్ అడగదు. ఒక్కో చెల్లింపు 1,000 రూపాయలు, మొత్తం నిల్వ 5,000 దాటకూడదని పరిమితి పెట్టారు. ఫోన్ తెరిచి ఉండగా ఎవరి చేతికైనా చిక్కితే పోయేది ఆ నిల్వ వరకే.

2025 అక్టోబరులో ఇంకో మార్పు వచ్చింది. పిన్ బదులు వేలిముద్రతోనో ముఖంతోనో చెల్లించే వీలు కల్పించారు. మొదట ఒక్కో చెల్లింపుకు 5,000 రూపాయల పరిమితి పెట్టారు, కావాలనుకున్నవాళ్లే దాన్ని ఆన్ చేసుకోవాలి. అంటే ఫోన్ తాళం చాలని బ్యాంకులు ఒప్పుకున్నట్టా? కాదు. ముందుగా ఆ ఫోన్‌లో ఒక రహస్య తాళంచెవి తయారై, దాని వివరం బ్యాంకు దగ్గర నమోదవుతుంది. వేలు పెట్టినప్పుడల్లా ఆ తాళంచెవితో ఆ చెల్లింపు మీద డిజిటల్ సంతకం పడుతుంది, బ్యాంకు ఆ సంతకాన్ని సరిచూస్తుంది. ఫోన్ తెరవడానికి ఇందాక పెట్టిన వేలు దీనికి పనికిరాదు, ఈ చెల్లింపు కోసం మళ్లీ పెట్టాల్సిందే.

పిన్‌కూ ఒక బలహీనత ఉంది, అది మరచిపోయినప్పుడు మార్చుకునే దారి. డెబిట్ కార్డు మీది చివరి ఆరంకెలు, గడువు తేదీ ఇస్తే ఫోన్‌కు ఓటీపీ వస్తుంది, దాంతో కొత్త పిన్ పెట్టుకోవచ్చు. కొన్ని బ్యాంకులు ఏటీఎం పిన్ కూడా అడుగుతాయి, అన్నీ అడగవు. ఆధార్‌తో మార్చుకునే దారిలో ఆధార్ మొదటి ఆరంకెలు, ఓటీపీ కావాలి. ఇప్పుడు మన ఫోన్ కవర్ల వెనక సంచీలో ఏముంటుందో గుర్తు తెచ్చుకోండి: ఒక డెబిట్ కార్డు, తరచూ ఒక ఆధార్ కార్డు. తాళం తీసి ఉన్న ఫోన్‌ను బస్టాండులో లాక్కుపోయినవాడికి పిన్ తెలియకపోయినా, కొత్తది పెట్టుకునేందుకు కావలసినవన్నీ ఆ కవర్లోనే దొరుకుతాయి. ఓటీపీ వచ్చేదీ వాడి చేతిలోని ఫోన్‌కే.

కార్డులు వేరే జేబులో ఉంటే దొంగకు మిగిలేది పిన్ ఊహించడమే. వరసగా మూడుసార్లు తప్పు కొడితే సాధారణంగా బ్యాంకు ఒక రోజు పాటు ఆ పిన్‌ను ఆపేస్తుంది. ఆ లోగా ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఆ ఖాతాకు యూపీఐ ఆపించాలి, సిమ్ బ్లాక్ చేయించాలి. డబ్బు అప్పటికే పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.