పౌచ్ ధరలో దాగిన తొమ్మిది వేలు

మా వదిన రాజమహేంద్రవరంలో కందిపొడి, కరివేపాకు పొడి, నల్లకారం తయారుచేసి అమ్ముతుంది. పొడికి పెట్టే ఖర్చు ఆమెకు గ్రాముతో సహా తెలుసు. పౌచ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం హైదరాబాద్‌లో ముద్రించి పంపే ఆయన చెప్పిందే ధర. కిలో 360 రూపాయలు. ఒకసారికి 150 కిలోలు తెప్పించేది. పావుకిలో పౌచ్ ఆరు గ్రాములు తూగుతుంది కాబట్టి 25 వేల పౌచులు, ఒక్కోటి 2 రూపాయల 16 పైసలు.

పోయిన ఏడు ఆయనకు ఫోన్ చేసి, "వ్యాపారం పెరుగుతోందండీ, ఇకమీదట మీ దగ్గరే తీసుకుంటాం, కిలో 300 చేయండి" అంది. ఆయన నవ్వి, "చూద్దాం మేడమ్, ముందు ఆర్డర్ పెట్టండి" అన్నాడు. ధర పైసా కదల్లేదు. నేను చాలాకాలం ప్యాకింగ్ ఫిల్ము యూనిట్లో అమ్మకాలు చూశాను. ఆ నవ్వు నేనూ నవ్వాను. 'ఇకమీదట మీ దగ్గరే' అన్న మాట రోజుకు పదిమంది దగ్గర వింటాం. అలా అనడానికి ఎవరికీ ఖర్చు కాదు కదా.

ధర తగ్గించే వీలు ఎక్కడుందో తెలియాలంటే ఆ షెడ్డులో జరిగేది తెలియాలి. రంగుల పౌచులు ముద్రించేది గ్రావ్యూర్ యంత్రం మీద. ఒక్కో రంగుకూ డిజైన్ చెక్కిన ఒక సిలిండర్ ఉంటుంది. ఆరు రంగులైతే ఆరు సిలిండర్లు. కొత్త ఆర్డర్ వచ్చినప్పుడల్లా పాతవి దించాలి, మనవి ఎక్కించాలి, సిరాలు కలపాలి, ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా కూర్చునేదాకా ఫిల్మును ఊరికే నడపాలి. ఆ ఫిల్ము వృథా, ఆ గంటలూ వృథా. ఈ సెట్టింగుకు లెక్క కోసం తొమ్మిది వేలు అనుకుందాం. 150 కిలోలు వేసినా తొమ్మిది వేలే, 300 వేసినా తొమ్మిది వేలే. మొదటిదానిలో కిలోకు 60 రూపాయలు పడుతుంది, రెండోదానిలో 30. పెద్ద ఆర్డర్ వల్ల ముద్రించేవాడికి నిజంగా మిగిలేది ఈ తేడాయే. వదిన 300 కావాలన్నప్పుడు 60 రూపాయల తగ్గింపు అడిగింది, అంటే సెట్టింగు ఖర్చు మొత్తం ఆయన్నే భరించమంది. అది ఆమెకు తెలియదు, ఆయనకు తెలుసు.

అలాగని ఏడాదికి సరిపడా ఒకేసారి తెచ్చి గదిలో పేర్చుకోవడం తెలివికాదు. పౌచ్ మీద చిరునామా, ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు, పదార్థాల జాబితా అచ్చయి ఉంటాయి. వాటిలో ఒక్కటి మారినా మిగిలిన సరుకు చిత్తుకాగితంతో సమానం. తగ్గింపు కోసం ఎక్కువ కొని, చివరికి స్టిక్కర్ల మీద స్టిక్కర్లు అంటించుకున్నవాళ్లను చూశాను.

అందుకే ఈసారి బేరాన్ని ఇంకోలా కట్టాం. ఫోన్ కాకుండా మనిషి వెళ్లింది. తనతో రెండు కాగితాలు తీసుకెళ్లింది. ఒకటి గత పన్నెండు నెలల్లో నెలనెలా వాడిన పౌచుల లెక్క. రెండోది రాబోయే ఏడాదికి ప్రణాళిక: మొత్తం 600 కిలోలు, రెండుసార్లు ముద్రణ, ఒక్కోసారి 300 కిలోలు. అందులో సగం వెంటనే తీసుకుని, మిగతా సగం మూడు నెలలకు తీసుకోవడం. ఆ మూడు నెలలు ఆయన డబ్బు ఇరుక్కుంటుంది కాబట్టి ముద్రణ మొదలయ్యే ముందే మొత్తం ఆర్డరుపై సగం సొమ్ము, మిగతాది సరుకు అందిన పదిహేను రోజుల్లో.

ఆయన కాగితం చూసి మొదట అడిగింది ధర గురించి కాదు. "సగం అడ్వాన్సు నిజమేనా మేడమ్?" అని. అంతకుముందు వదిన అరవై రోజులకు గానీ చెల్లించేది కాదు. నిజానికి అది చట్టానికీ విరుద్ధమే. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం నమోదైన సూక్ష్మ, చిన్న సంస్థకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజుల లోపు చెల్లించాలి, లేకపోతే 15 రోజుల్లోనే. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి ఆ గడువు దాటితే, చెల్లించిన ఏడాదిలోనే తప్ప ఆ ఖర్చును ఆదాయపన్ను లెక్కలో చూపుకోవడానికి వీల్లేదు. అప్పు మీద నడుస్తున్న చిన్న యూనిట్‌కు త్వరగా వచ్చే డబ్బు కూడా ధరలో భాగమే. రెండు నెలల వడ్డీని కిలోకు లెక్కేస్తే ఆరేడు రూపాయలు తేలింది.

ఇంకో మాటకు ఆయన కూర్చున్న కుర్చీలో ముందుకు జరిగాడు. మూడు రుచులకు మూడు వేర్వేరు డిజైన్లు కాకుండా, ఐదు రంగులు మూడింటికీ ఒకటే ఉంచి, రుచి పేరూ వివరాలూ ఉండే నల్లరంగు సిలిండరు ఒక్కటే మారుద్దామని. అప్పుడు రుచి మారినప్పుడల్లా ఒక్క సిలిండరే మార్చాలి. కొత్త సిలిండర్లకు డబ్బు తానే పెడతానంది. తన షెడ్డులో మన డబ్బుతో చేయించిన సిలిండర్లు కూర్చుని ఉన్నాయంటే మళ్లీ వస్తామని వేరే చెప్పక్కర్లేదు. కాకపోతే వాటి యాజమాన్యం మనదని బిల్లు మీదే రాయించుకోవాలి. రాయించుకున్నా అవి వేరే యంత్రానికి సరిపోకపోవచ్చు. అంటే ఆయన్ని కట్టేస్తున్నామనుకుంటూ మనమూ కొంత కట్టుబడుతున్నాం.

ధర 342 దగ్గర ఆగింది. ఏడాదిలో 600 కిలోలు దాటితే మొత్తం మీద కిలోకు ఇంకో ఆరు రూపాయలు వెనక్కి. అంటే ఏటా 14,400 రూపాయలు, పౌచ్‌కు పద్నాలుగు పైసలకు కాస్త పైన. వదినకు మొహం చిన్నబోయింది, 300 అవుతుందనుకుంది మరి. ఆ చివరి ఆరు రూపాయలు మాత్రం నాకు నచ్చాయి. మాట నిలబెట్టుకున్నాకే అందే తగ్గింపు కాబట్టి ఆయనకు నమ్మాల్సిన అవసరం లేదు.

ధర ఏడాదంతా కదలకూడదని మాత్రం పట్టుబట్టలేదు. ఫిల్ము ముడిచమురుతో పాటు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. స్థిరంగా ఉండమంటే ఆయన భయానికి కొంత ముందే కలుపుకుంటాడు. ముద్రణ, అతికింపు కూలి మారదని, ఫిల్ము ఖరీదు ఐదు శాతానికి మించి మారితే ఆ మేరకు పెంపూ తగ్గింపూ రెండూ ఉంటాయని రాసుకున్నారు.

గీసి బేరమాడినప్పుడు తగ్గించిన ధర ఇంకో దారిలో వెనక్కి వస్తుంది. కిలో లెక్కన కొంటే ఫిల్ము కాస్త మందమైనా మనకు పౌచులు తగ్గుతాయి. పౌచ్ లెక్కన కొంటే పల్చనవుతుంది. అందుకే రెండూ రాయాలి: వంద పౌచులు 600 గ్రాములు, ఐదు శాతం అటూఇటూ. ఆర్డర్‌కు మించి ముద్రించి పంపేస్తే బిల్లు చెల్లించాల్సిన హద్దు కూడా ముందే ఉండాలి. సరుకు రాగానే వదిన వేర్వేరు కట్టల నుంచి వందేసి తీసి కాటా వేస్తుంది. ఒక పౌచులో నూనె కలిపిన పొడి పోసి, అతికించి, వారం ఎండలో ఉంచుతుంది. అతుకు పొరలుగా విడిపోతే నాణ్యత మారినట్టే.

మొన్న ఆయనే ఫోన్ చేశాడు. "ఫిల్ము పెరిగేలా ఉంది మేడమ్, పాత ధరకే మీ రెండో ముద్రణ ఇప్పుడే వేసేయమంటారా?" వదిన ఒక రోజు టైమ్ అడిగింది. వచ్చే నెల కొత్త షెడ్డుకు మారుతోంది, పౌచ్ మీద చిరునామా మారాలి. కొత్త నల్ల సిలిండర్ ఖర్చూ, ఫిల్ము పెరుగుదలా పక్కపక్కన వేసుకుని ఇంకా కూడుతూనే ఉంది.