మైకు చేతికొచ్చిన మూడు నిమిషాలు

"రేయ్, రిసెప్షన్‌లో మా వాళ్ళందరి ముందు నువ్వే మాట్లాడాలి. నవ్వించాలి. కానీ మా నాన్న ముందు వరసలోనే కూర్చుంటాడు, చూస్కో." నాలుగేళ్ళు హాస్టల్లో నా రూమ్మేటు, ఇప్పుడు పెళ్ళికొడుకు, ఫోన్లో చెప్పిన మాట ఇది. క్లబ్బులో ఎన్నోసార్లు మైకు పట్టుకున్నవాణ్ణే అయినా, ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. కారణం ఉంది.

అంతకు ముందు ఇంకో స్నేహితుడి పెళ్ళిలో ఒకడు సరదాగా, "మొత్తానికి ఇన్నాళ్ళకి మావాడికి ఒక అమ్మాయి ఒప్పుకుంది" అన్నాడు. మా బ్యాచ్ అంతా విరగబడి నవ్వాం. పెళ్ళికూతురి నాయనమ్మగారు మాత్రం నవ్వలేదు. పక్కనున్న ఆవిడ వైపు తిరిగి, "ఇన్నాళ్ళకి అంటే? అంతకు ముందు ఎవరు కాదన్నారట?" అని అడిగింది. భోజనాలు అయ్యేదాకా ఆ ప్రశ్న టేబులు టేబులుకీ తిరిగింది. చెప్పినవాడి మనసులో ఏమీ లేదు పాపం. నవ్వు పది సెకన్లలో అయిపోయింది, సమాచారం మాత్రం బంధువులతో పాటు ఇంటికెళ్ళింది.

మన పెళ్ళిళ్ళలో హాస్యానికి కొదవేం లేదు. వియ్యాలవారి మీద పాటలు కట్టి దెప్పడం, గృహప్రవేశం రోజు ఆడపడుచు గుమ్మానికి అడ్డం నిలబడి పేర్లు చెప్పించడం, అన్నీ ఆటపట్టించడమే. పెద్దవాళ్ళే దగ్గరుండి నవ్వుతారు. అయితే ఆ వేళాకోళానికి ఒక లెక్క ఉంది: వరస. బావ బావమరిదిని అనొచ్చు, వియ్యపురాలు వియ్యపురాలిని అనొచ్చు. మరి స్నేహితుడికి ఎవరితో వరస? ఇద్దరితోనే: పెళ్ళికొడుకుతో, తనతో తనకి. మామగారి మీసం, కట్నకానుకలు, వంటలు, అవతలివాళ్ళ యాస, ఇవేవీ మన వాటాలోకి రావు. పెళ్ళికూతురిని కూడా ఆ రోజు ఏమీ అనకూడదు. "వదినా" అని పిలిచే చనువు మనకున్నా, ఆ సంగతి వాళ్ళ వైపు వాళ్ళకి ఇంకా తెలీదు కదా.

సరే, నేను రాసుకున్న మొదటి డ్రాఫ్టు చూడండి. థర్డ్ ఇయర్‌లో మావాడు పరీక్ష ముందురోజు రాత్రి వరసగా ఐదు అలారాలు పెట్టాడు: 4:00, 4:10, 4:20, 4:30, 4:40. రూములో నేను లేచాను, పక్క రూమువాళ్ళు లేచారు, కింద వాచ్‌మన్ కూడా లేచాడు. వాడు లేవలేదు. పరీక్ష పోయింది, ఆ సబ్జెక్టు మూడో ప్రయత్నానికి గానీ గట్టెక్కలేదు. హాస్టల్లో ఈ కథ ఎప్పుడు చెప్పినా హిట్టే.

రాశాక రెండు పనులు చేశాను. మొదటిది, వాడికే ఫోన్ చేసి "ఇంట్లో తెలియనివి ఏవేంట్రా?" అని అడిగాను. కథ చెప్పి "బావుందా?" అని అడిగితే మొహమాటానికి బావుందనేస్తారు. ఇలా అడిగితే జాబితా వస్తుంది. వాడు మూడు చెప్పాడు. అందులో మొదటిది ఆ బ్యాక్‌లాగే! రెండో పని, మా అమ్మకి చదివి వినిపించాను. మధ్యలో అమ్మ "అంటే?" అన్న చోటల్లా పెన్సిల్‌తో గీత గీశాను. హాస్టల్ ముద్దుపేర్లు, లెక్చరర్ల మీద జోకులు అన్నీ అక్కడే రాలిపోయాయి. విడమరిచి చెప్తేగానీ అర్థంకాని జోకు మైకులో పేలదు.

ఇప్పుడు చిక్కు ఏంటంటే, బ్యాక్‌లాగ్ తీసేస్తే కథకి ముగింపు లేదు. కాసేపు ఆలోచిస్తే తేలిందేంటంటే, ఇందులో నవ్వొచ్చేది పరీక్ష పోవడం కాదు, ఊరంతా లేచినా వాడు లేవకపోవడం. అందుకని పరీక్ష ఊసు ఎత్తకుండా అలారాలు మాత్రం ఉంచి, చివరి దెబ్బ నా మీద వేసుకున్నాను: "నాలుగేళ్ళు వాడి అలారానికి నేను లేచాను. అలా పొద్దున్నే లేచి చదవబట్టే నేను డిగ్రీ పాసయ్యాను. చెల్లెమ్మా, రేపట్నుంచి ఆ అలారం వినే భాగ్యం నీది. అందుకే నా తరఫున ఈ చిన్న కానుక." జేబులోంచి ఇయర్‌ప్లగ్గుల డబ్బా తీసిచ్చాను. "భయపడకమ్మా, కొత్తవే."

నవ్వించి అక్కడే దిగిపోతే పెద్దవాళ్ళకి మిగిలేది "నిద్రమొహం అల్లుడు" అన్న మాటొక్కటే. కాబట్టి అదే అలారాన్ని చివర్లో వెనక్కి తిప్పాలి. ఫైనల్ ఇయర్‌లో నాకు జ్వరం వచ్చిన రాత్రి చెప్పాను: "ఐదు అలారాలకి లేవని మనిషి, ఆ రాత్రి ఏ అలారమూ లేకుండా గంటగంటకీ లేచి నా నుదుటి మీద తడిగుడ్డ మార్చాడు. ఆ బుద్ధి ఎక్కణ్ణుంచి వచ్చిందో మర్నాడు వాళ్ళ అమ్మగారు నా కోసం క్యారేజీ పట్టుకుని బస్సు దిగాక అర్థమైంది." పెద్దల పట్ల గౌరవం అంటే మొదట్లో "గౌరవనీయులైన" అంటూ పేర్లు చదవడం కాదు. మన కథలో వాళ్ళకి నిజంగా చోటుంటే ఆ ఒక్క వాక్యం చాలు.

మాటల దగ్గర రెండు జాగ్రత్తలు. మైకులో "రేయ్" వద్దు, "గారు" పెడితే మనకే నవ్వొస్తుంది. "మావాడు" అంటే చనువూ పోదు, అత్తవారి ముందు అల్లుడి పరువూ పోదు. రెండోది ముగింపు. ఇంగ్లీషు సినిమాల్లో గ్లాసు ఎత్తి ముగిస్తారు, మనకి ఆ పద్ధతి లేదు. అలాగని "ఆశీర్వదిస్తున్నాను" అనకూడదు, మన వయసుకి ఆ హక్కు లేదు. "నా వంతు శుభాకాంక్షలు చెప్పాను, ఆశీస్సులు ఇవ్వాల్సింది మీరు" అని మైకు పెద్దల వైపు తిప్పితే చప్పట్లు వాటంతటవే వస్తాయి.

ఫొటోల క్యూ మొదలయ్యాక ఎవరూ వినరు, కాబట్టి అంతకు ముందే టైము అడిగి పెట్టుకోండి. డీజేతో పాట ఆపించండి. ఫోన్ చూసి చదవకుండా ఒక చిన్న కార్డు మీద నాలుగు మాటలు రాసుకోండి. నా కార్డు మీద ఉన్నవి: అలారం, డబ్బా, జ్వరం, ఆశీస్సులు. నవ్వు వచ్చినప్పుడు ఆగండి, అది తగ్గకముందే తర్వాతి మాట అంటే రెండూ పోతాయి.

ఆ రోజు అలారాల దగ్గర నేను ఆగినప్పుడు, ముందు వరసలోంచి వాళ్ళ నాన్నగారే గట్టిగా అందుకున్నారు: "ఇంట్లోనూ అంతే బాబూ!" హాలంతా ఘొల్లుమంది. వాళ్ళబ్బాయిని ఆటపట్టించే హక్కు నాకంటే ఆయనకే ఎక్కువ కదా. భోజనాల దగ్గర పెళ్ళికూతురి తాతగారు నా పక్కన కూర్చుని, "ఏ ఊరు బాబూ మీది? జ్వరం తగ్గిందా మరి?" అని అడిగారు.