తొంభై వేలు, మూడు నెలలు, ఒక కొత్త క్లినిక్

కొత్త క్లినిక్ తెరిచే డాక్టరు దగ్గరికి మొట్టమొదట వచ్చేది రోగి కాదు, ప్రచారం చేసిపెడతానంటూ వచ్చే మనిషి. ఫ్లెక్సీలు కట్టేవాళ్లు, కేబుల్ టీవీలో స్క్రోలింగు వేసేవాళ్లు, 'నెలకు ఇన్ని ఫోన్లు గ్యారంటీ' అనే డిజిటల్ ఏజెన్సీలు, నూటికి ఇంత ఇస్తే కేసులు పంపుతామనే మధ్యవర్తులు ఒకరి వెనక ఒకరు గుమ్మం ఎక్కుతారు. అందరికీ తలాకొంచెం ఇచ్చేసరికి ప్రారంభోత్సవం నాటికే డబ్బు సగం కరిగిపోతుంది. ఆ తర్వాతి మూడు నెలలే అసలు కష్టకాలం. అప్పటికి చేతిలో ఏమీ మిగలదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఖమ్మంలాంటి పట్టణంలో, పెద్దరోడ్డు నుంచి లోపలికి రెండో సందులో, జూన్ 1న పిల్లల క్లినిక్ మొదలవుతోంది. డాక్టరు ఒక్కరే, ఫీజు 400 రూపాయలు. మొదటి మూడు నెలల ప్రచారానికి 90,000 రూపాయలు పక్కన పెట్టారు. ఇక్కడ వాడే ధరలన్నీ లెక్క అర్థం కావడానికి వేసుకున్న అంచనాలే. ఊరిని బట్టి, పనివాడిని బట్టి మారతాయి.

ఈ డబ్బును నాలుగు భాగాలు చేసే ముందు చట్టం గీసిన గీత ఎక్కడుందో చూడాలి. చీరల కొట్టుకు పనికొచ్చే ప్రచారం డాక్టరుకు పనికిరాదు. 2002లో వచ్చిన భారత వైద్య మండలి వృత్తి ప్రవర్తనా నియమావళి ప్రకారం రోగులను తన దగ్గరికి రమ్మని ప్రకటనలతో ఆకర్షించడం డాక్టరుకు తగని పని. ప్రాక్టీసు మొదలుపెట్టినప్పుడు, చిరునామా మారినప్పుడు, కొంతకాలం సెలవు పెట్టి తిరిగి వచ్చినప్పుడు మాత్రం పత్రికలో లాంఛనంగా తెలియజేయవచ్చు. ఫీజు ఎంతో బహిరంగంగా చెప్పవచ్చు. జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టు 2న కొత్త నియమాలు తెచ్చి, అదే నెల 23న వాటిని పక్కన పెట్టేసింది. కాబట్టి పాతవే లెక్క.

బోర్డు విషయంలో ఆ నియమావళి మరీ సూక్ష్మంగా మాట్లాడుతుంది. బోర్డు మామూలు కంటే పెద్దదిగా ఉండకూడదు. దాని మీద పేరు, చదువు, హోదాలు, ప్రత్యేకత, వైద్య మండలి రిజిస్ట్రేషన్ నంబరు తప్ప ఇంకేమీ రాయకూడదు. డాక్టరు ఫొటో వేస్తే అది సొంత డబ్బా కిందికే వస్తుంది. మన బజార్లలో మెడలో స్టెతస్కోపుతో నవ్వుతున్న నిలువెత్తు ఫొటోలు ఎన్ని కనిపిస్తాయో చెప్పనక్కర్లేదు. పక్కవాడు పెట్టాడు కదా అన్నది వైద్య మండలి ముందు నిలబడే జవాబు కాదు.

సందు మలుపులో ఉన్న మందుల షాపు మీద బాణం గుర్తుతో చిన్న బోర్డు పెడదామని చాలామందికి అనిపిస్తుంది. డాక్టరు పని చేయని చోట, మందుల షాపు మీద అసలే, పేరు బోర్డు పెట్టడాన్ని కూడా ఆ నియమావళి తప్పుపడుతుంది. అందుకని దారి చూపే పని క్లినిక్ గోడ మీది బోర్డే చేయాలి. ఎదురుగా నిలబడ్డవాడికి కనిపించే బోర్డు సందులో నడిచి వచ్చేవాడికి కనిపించదు. గోడకు అడ్డంగా, రోడ్డు వైపు పొడుచుకొచ్చేలా, రెండు వైపులా అక్షరాలున్న చిన్న బోర్డు ఒకటి అదనంగా ఉండాలి. జ్వరాలు ఎక్కువగా రాత్రిపూట తిరగబెడతాయి కనుక అక్షరాలకు వెలుగు తప్పదు. పన్నెండు అడుగుల పొడవు, మూడు అడుగుల ఎత్తుతో ఏసీపీ షీటు మీద వెలిగే అక్షరాలు చేయిస్తే 36 చదరపు అడుగులు. అడుగుకు 750 వేసుకుంటే 27,000 అవుతుంది. అడ్డబోర్డుకు 6,000, వైరింగు, బిగింపు, చీకటి పడగానే లైటు వెలిగించే టైమరుకు 3,000 కలిపితే మొత్తం 36,000. మునిసిపాలిటీ అనుమతి ముందే తీసుకోవాలి.

అంటే డబ్బులో నలభై శాతం ఒక్క బోర్డుకే పోతోంది. చూడటానికి ఎక్కువే. కానీ మిగతా మూడు ఖర్చులూ ఆపిన రోజునే ఆగిపోతాయి. బోర్డు మాత్రం ఐదేళ్లయినా అక్కడే ఉంటుంది. ఫ్లెక్సీతో సరిపెట్టి ఇందులో పాతిక వేలు మిగుల్చుకోవచ్చు గానీ, ఖమ్మం ఎండకు ఒక్క వేసవిలోనే దాని రంగు వెలిసిపోతుంది.

ఆన్‌లైన్ వైపు మొదటి పని పైసా ఖర్చు లేనిది. గూగుల్ మ్యాపులో క్లినిక్ పేరు నమోదు చేసుకుని, వీడియో తీసి పంపి ధ్రువీకరణ పొందాలి. పిన్ను సరిగ్గా గుమ్మం మీద ఉందా, అంతకుముందు అదే గదిలో ఉన్న కొట్టు పేరు ఇంకా మ్యాపులో మిగిలి ఉందా అన్నది నడిచి వెళ్లి చూసుకోవాలి. పిన్ను పక్క సందులో పడితే జ్వరంతో ఉన్న బిడ్డను భుజాన వేసుకున్న తల్లి అక్కడే తిరుగుతుంది, చివరికి ఇంకో డాక్టరు దగ్గరికి పోతుంది. మంచి రివ్యూ రాస్తే ఫీజు తగ్గిస్తామనడం గూగుల్ నిబంధనలకే విరుద్ధం.

డబ్బు పెట్టే ప్రకటన మొదటి నెలలో వద్దు. రిసెప్షన్‌లో ఫోను ఎత్తడం, సమయాలు కుదరడం, రద్దీ అలవాటవడం ముందు జరగాలి. ఫోను మోగి ఎవరూ ఎత్తకపోయినా క్లిక్కుకు డబ్బు కట్టాల్సిందే. దీనికి 18,000 పెట్టారనుకుంటే, అందులో 18 శాతం జీఎస్టీ ఉంటుంది కనుక ప్రకటనకు మిగిలేది 15,254. రోజుకు 250 చొప్పున సుమారు రెండు నెలలు వస్తుంది. ఒకరోజు 500 ఖర్చయితే కంగారు పడనక్కర్లేదు. గూగుల్ ఏ రోజైనా రెట్టింపు దాకా వాడుకుంటుంది గానీ, నెల మొత్తం మీద రోజు పరిమితికి 30.4 రెట్లు దాటదు.

డబ్బు ఎక్కువగా కారిపోయేది రెండు చోట్ల. ఒకటి, ప్రాంతం ఎంపిక. దాన్ని తాకకుండా వదిలేస్తే Presence or interest మీద ఉంటుంది. ఖమ్మం గురించి హైదరాబాద్‌లో కూర్చుని వెతికినవాడికీ ప్రకటన కనబడుతుంది. దాన్ని Presence అని మార్చి, క్లినిక్ చుట్టూ నాలుగైదు కిలోమీటర్లకు కుదించాలి. రెండోది, అక్కర్లేని వెతుకులాటలు. 'పిల్లల డాక్టర్' అన్న మాటకు ఉద్యోగాలు, జీతాలు, కోర్సులు, ప్రభుత్వాసుపత్రి కోసం వెతికేవాళ్లు కూడా వచ్చి పడతారు. వారానికోసారి జనం ఏ మాటలతో వెతికారో ఆ జాబితా చూసి, పనికిరాని మాటలను మినహాయింపుల్లో చేర్చాలి. జనం తెలుగు మాటనే ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు కాబట్టి అవీ రాసి పెట్టుకోవాలి. ఇక ప్రకటనలోని వాక్యాలు: 2002 నియమావళి రాసినవాళ్లు ఫోను ప్రకటనలను దృష్టిలో పెట్టుకోలేదు. అందుకే పేరు, ప్రత్యేకత, చిరునామా, వేళలు, ఫీజు దగ్గర ఆగడమే క్షేమం. 'నంబర్ వన్', 'గ్యారంటీ' లాంటి మాటలు, రోగుల పొగడ్తలు వద్దు. అనుమానం ఉంటే రాష్ట్ర వైద్య మండలిని అడగడమే మేలు.

ముద్రణకు 14,000. ఇందులో పేపర్ మధ్యలో పెట్టి పంచే కరపత్రాలకు 6,000 మించకూడదు. అవి క్లినిక్ తెరిచిన సంగతి ఒక్కసారి చెప్పడానికే. మిగిలిన 8,000 టీకాల కార్డుకు పెట్టాలి. కరపత్రం సాయంత్రానికి పకోడీ పొట్లమవుతుంది. పుట్టినప్పుడు వేసే బీసీజీ నుంచి ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలు, తొమ్మిదో నెల తట్టు టీకా, ఐదారేళ్లకు వేసే డీపీటీ బూస్టర్ దాకా వరసగా గడులున్న కార్డును మాత్రం ఏ తల్లీ పారేయదు. బడిలో చేర్చేటప్పుడూ తీస్తుంది. దాని మీద క్లినిక్ నంబరు ఉంటుంది.

సిఫారసుల సంగతి కొంచెం సున్నితమైనది. మన జిల్లాల్లో ఆర్ఎంపీలకు, అంబులెన్సు డ్రైవర్లకు కమీషన్ ఇచ్చి కేసులు తెప్పించుకోవడం దాపరికం లేని దాపరికం. రోగిని పంపినందుకు ఇచ్చే, పుచ్చుకునే కమీషన్ రెండింటినీ నియమావళి నిషేధిస్తుంది. లెక్క చూసినా అది తేలదు. 400 ఫీజులో కమీషన్ పోతే మిగిలేది అద్దెకు చాలదు. ఆ లోటు అవసరం లేని రక్తపరీక్షల రూపంలో రోగి మీదే పడుతుంది. కమీషన్ కోసం పంపేవాడు రేపు పక్క క్లినిక్ ఎక్కువిస్తే అటే పంపుతాడు.

ఈ పద్దుకు పెట్టే 7,000 చేసే పని వేరు. చుట్టుపక్కల కాన్పుల ఆసుపత్రుల డాక్టర్లను స్వయంగా కలవడం, వాళ్లు పంపిన బిడ్డను చూసిన రోజునే ఫోను చేసి ఏం కనిపించిందో చెప్పడం, ఆ సంగతే ఒక పేజీ ఉత్తరంగా తల్లి చేతికివ్వడం. ఆ ఉత్తరాల ముద్రణకు, తిరుగుడుకు, ఫోన్లకు అయ్యే ఖర్చే ఇది. పుట్టిన వారంలో కామెర్ల కోసం చూపించడానికి వచ్చిన బిడ్డ టీకాలన్నిటికీ అక్కడికే వస్తుంది. కాకపోతే ఈ దారి నెమ్మది. మొదటి నెలలో ఫలితం కనిపించదు.

36, 18, 14, 7 వేలు కలిపితే 75,000. మిగిలిన 15,000ను జూలై చివరి దాకా ముట్టుకోకూడదు. దాన్ని ఎక్కడ పెట్టాలో రిసెప్షన్ పుస్తకం చెబుతుంది. కొత్తగా వచ్చిన ప్రతి కుటుంబాన్నీ 'మా గురించి మొదట ఎక్కడ తెలిసిందమ్మా?' అని అడిగి ఒక గడిలో రాయాలి. 'మొదట' అన్న మాట ముఖ్యం. ఎందుకంటే చాలామంది 'ఫోన్లో చూశాం' అంటారు. నిజానికి వాళ్లు దారిలో బోర్డు చూసి, ఇంటికెళ్లి ఆ పేరుతో నంబరు వెతికి ఉంటారు. ప్రకటన ఖాతాలో క్లినిక్ పేరు మీదే ఎక్కువ క్లిక్కులు పడుతుంటే, ఎలాగూ వచ్చేవాళ్లకే డబ్బు కడుతున్నట్టు. అప్పుడు క్లినిక్ పేరును కూడా మినహాయింపుల్లో వేయాలి.

రెండు నెలలకు పుస్తకంలో 110 కుటుంబాలు ఉన్నాయనుకుందాం. బోర్డు చూసి 46, ఇరుగుపొరుగు చెబితే 31, కాన్పుల డాక్టర్లు పంపితే 14, ఫోను ప్రకటన వల్ల 13, కరపత్రం వల్ల 6. ఒక నెల ప్రకటనకు జీఎస్టీతో సహా 8,850 అయితే, ఒక్కో కుటుంబానికి 680 రూపాయలు పడింది. కరపత్రానికి సరిగ్గా వెయ్యి. ఫీజు 400 కాబట్టి ఒక్కసారి వచ్చి మానేస్తే రెండూ నష్టమే. టీకాలకు మళ్లీ మళ్లీ వస్తే ఫోను ప్రకటన నిలుస్తుంది. అందుకని పక్క గడిలో రెండోసారి వచ్చారా లేదా అన్నదీ రాయాలి. అయితే 13, 6 లాంటి చిన్న అంకెలు ఒక్క వానాకాలపు వారంతో తారుమారవుతాయి. రెండు వారాల లెక్క చూసి ప్రకటన ఆపేయడం, రెట్టింపు చేయడం రెండూ తొందరపాటే.

ఈ లెక్క ప్రకారమైతే ఆగస్టులో రెండో విడత కరపత్రాలు వద్దు. నిలవ ఉంచిన దాంట్లో 6,000తో టీకాల కార్డులు ఇంకొన్ని వేయించి, కాన్పుల ఆసుపత్రి నుంచి వచ్చే ప్రతి తల్లికీ ఇవ్వవచ్చు. ఇంకో 5,000తో ఫోను ప్రకటనను సెప్టెంబరులోకి పొడిగించవచ్చు, ఆ జ్వరాల రోజుల్లో వెతికేవాళ్లు ఎక్కువ కాబట్టి. చివరి 4,000 బోర్డుకే ఉంచాలి. మొదటి గాలివానకు ఒకటో రెండో అక్షరాల్లో లైట్లు ఆరిపోవడం మామూలే.