ఎర్త్ గుంత ఉన్నా షాక్ ఎందుకు కొడుతుంది?

కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లు ఎర్తింగ్ గురించి వైర్‌మన్‌ని అడిగేది ఒక్కటే: గుంత తీసి, పైపు దించి, ఉప్పూ బొగ్గూ వేశారా అని. వేశామనగానే ఆ సంగతి మరిచిపోతారు. కానీ ఆ గుంత ఒక్కటే మనల్ని కాపాడుతుందన్న నమ్మకం లెక్కకు నిలవదు. లెక్క కూడా పెద్దదేమీ కాదు, పదో తరగతిలో చదివిన ఓమ్ నియమం చాలు.

బాత్‌రూములో గీజరు ఉందనుకుందాం. హీటింగ్ కాయిల్ తొడుగు పాతబడి చిల్లిపడింది. ఫేజ్ కరెంటు గీజరు ట్యాంకుకు చేరింది. త్రీపిన్ ప్లగ్గులోని లావు పిన్ను ద్వారా ట్యాంకు ఎర్త్ తీగకు, ఆ తీగ పెరట్లోని గుంతకు కలిసే ఉన్నాయి. మరి ఆ కరెంటు ఎక్కడికి పోతుంది? భూమిలో ఇంకిపోతుందని చాలామంది అనుకుంటారు. కరెంటు ఇంకదు. అది బయలుదేరిన చోటికే, అంటే వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికే తిరిగి వెళ్లాలి. ట్రాన్స్‌ఫార్మర్ న్యూట్రల్‌ని అక్కడ దిమ్మె పక్కన భూమికి కలిపి ఉంచుతారు. అందుకే మన గుంతలో దిగిన కరెంటు మట్టిలో ప్రయాణించి, అక్కడి గుంతలో పైకొచ్చి ట్రాన్స్‌ఫార్మర్‌ను చేరుకుంటుంది. ఈ మట్టిదారి ఎంత ఇరుకన్నదే అసలు ప్రశ్న.

మన గుంత నిరోధం 20 ఓమ్‌లు, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరిది 5 ఓమ్‌లు అనుకుందాం. నీళ్లు పోయక ఎండిపోయిన గుంత వేసవిలో 20 ఓమ్‌లు చూపించడం వింతేమీ కాదు. రెండూ కలిపి 25. 230 వోల్టులను 25తో భాగిస్తే 9.2 ఆంపియర్లు. గీజరు లైనుకు ఉన్నది 16 ఆంపియర్ల ఎమ్‌సీబీ. 9 ఆంపియర్లు దానికి మామూలు లోడు కిందే లెక్క, కాబట్టి అది కదలదు. 2 కిలోవాట్ల గీజరు అదే సమయంలో నీళ్లు కాస్తూ తన వాటాగా మరో 8.7 ఆంపియర్లు లాగినా మొత్తం 18 లోపే. 16 ఆంపియర్ల ఎమ్‌సీబీని ఆ మాత్రం కరెంటుకు గంటసేపైనా పడిపోకుండా ఉండేలాగే తయారుచేస్తారు.

అంటే గీజరులో లోపం ఉంది, ఎర్త్ ఉంది, ఎమ్‌సీబీ ఉంది, అయినా కరెంటు ఆగలేదు. ఈలోగా గీజరు ట్యాంకు మీద ఎంత వోల్టేజి నిలిచింది? 9.2ను మన గుంత 20 ఓమ్‌లతో గుణిస్తే 184 వోల్టులు. ఇంకా భయపెట్టే సంగతి, ఇంట్లో ఫ్రిజ్జు, వాషింగ్ మెషీన్, మోటారు స్టార్టర్ అన్నీ ఆ ఒకే ఎర్త్ తీగకు కట్టి ఉన్నాయి. చెడిపోయింది గీజరైనా, 184 వోల్టులు ఆ తీగ వెంట వాటన్నిటి ఒంటి మీదికీ పాకుతాయి. వంటింట్లో ఫ్రిజ్జు ముట్టుకుంటే షాక్ కొట్టిందని ఫ్రిజ్జు మెకానిక్‌ని పిలిపిస్తే అతనికి అందులో ఏ లోపమూ దొరకదు.

తడి చేతులతో, తడి నేల మీద నిలుచున్న మనిషి ఒంటి నిరోధం సుమారు 1000 ఓమ్‌లు. 184 వోల్టులు తగిలితే ఒంట్లో పారేది 184 మిల్లీ ఆంపియర్లు. అది గుండె లయను చెడగొట్టడానికి అక్షరాలా సరిపోయే కరెంటు.

ఎమ్‌సీబీ చప్పున పడాలంటే ఎంత పారాలి? ఇళ్లలో ఎక్కువగా కనిపించే ‘సి’ రకం 16 ఆంపియర్ల ఎమ్‌సీబీ రెప్పపాటులో పడుతుందని ఖాయంగా చెప్పాలంటే దాని విలువకు పది రెట్లు, అంటే 160 ఆంపియర్లు పారాలి. అందుకు దారి మొత్తం నిరోధం 1.4 ఓమ్‌లు దాటకూడదు. సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పెద్ద అపార్ట్‌మెంట్లలో ఎర్త్ పట్టీ లోహంతోనే ట్రాన్స్‌ఫార్మర్ దాకా వెళుతుంది కాబట్టి అక్కడ అది సాధ్యం. మట్టి మీద ఆధారపడిన విడి ఇంట్లో ఎన్ని బస్తాల ఉప్పు పోసినా దాదాపు అసాధ్యం.

ఈ చిక్కు విడదీసేది ఆర్‌సీసీబీ. చాలామంది వైర్‌మన్‌లు పాత అలవాటు కొద్దీ ఈఎల్‌సీబీ అనే పిలుస్తారు. అది కరెంటు ఎంత పారుతోందని చూడదు, వెళ్లినదీ తిరిగొచ్చినదీ సమానమా అని మాత్రమే చూస్తుంది. గుడి వాకిట్లో విడిచిన చెప్పుల జతలు లెక్కపెట్టే మనిషిలాగా, లోపలికి పోయినవాళ్లందరూ ఆ వాకిలి నుంచే బయటికి రావాలంటుంది. ఫేజ్, న్యూట్రల్ తీగలు రెండూ ఒక ఇనుప వలయం గుండా పోతాయి. రెండింట్లో కరెంటు సమానమైతే వాటి అయస్కాంత ప్రభావాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. కొంత కరెంటు న్యూట్రల్ దారి వదిలి మట్టిలోకో మనిషిలోకో పోతే వలయంలో తేడా పుడుతుంది, స్విచ్చు పడిపోతుంది.

ఇళ్లకు పెట్టేది 30 మిల్లీ ఆంపియర్లది. ఈ అంకె వెనక కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు చార్ల్స్ డాల్జీల్ తరహా పరిశోధనలున్నాయి. మనిషి చేత్తో తీగ పట్టుకుంటే ఎంత కరెంటు దాకా సొంతంగా వదిలించుకోగలడో ఆయన వాలంటీర్ల మీద కొలిచాడు. సగటున మగవాళ్లకు 16 మిల్లీ ఆంపియర్లు, ఆడవాళ్లకు 10.5. అది దాటితే వేళ్లు బిగుసుకుపోయి తీగను వదలవు. 1961లో ఇలాంటి రక్షణ పరికరాన్ని అమెరికాలో రూపొందించినవాడూ ఆయనే. 30 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఆర్‌సీసీబీ 0.3 సెకను లోపు పడాలి, 150 దగ్గర 0.04 సెకను లోపు. షాక్ తగలదని కాదు, తగులుతుంది. గుండె లయ తప్పేలోపు కరెంటు ఆగిపోతుంది, అంతే.

ఇప్పుడు మన గీజరు లెక్కను మళ్లీ వేద్దాం. బయటికి కారుతున్నది 9.2 ఆంపియర్లు, అంటే 30 మిల్లీ ఆంపియర్లకు మూడు వందల రెట్లు. ఎవరూ ముట్టుకోకముందే, లోపం పుట్టిన క్షణంలోనే స్విచ్చు పడుతుంది. గుంత నిరోధం 20 కాక 200 అయినా పడుతుంది. తాకితే ప్రమాదం లేదనుకునే 50 వోల్టులను 0.03తో భాగిస్తే 1666 ఓమ్‌లు వస్తుంది. ఆ లోపు ఉన్న ఏ గుంతయినా ఆర్‌సీసీబీతో కలిస్తే పని చేస్తుంది. అలాగని గుంత అక్కర్లేదనుకోకూడదు. ఎర్త్ లేకుండా ఆర్‌సీసీబీ ఒక్కటే ఉంటే, గీజరు బాడీ మీద 230 వోల్టులు ఎవరైనా ముట్టుకునేదాకా కాచుకుని ఉంటాయి.

దీనికీ చేతకానిదొకటుంది. ఒక చేత్తో ఫేజ్, మరో చేత్తో న్యూట్రల్ పట్టుకున్న మనిషి దానికి మామూలు బల్బులాగే కనిపిస్తాడు. ఓవర్‌లోడ్ సంగతీ దానికి తెలియదు, అందుకు ఎమ్‌సీబీ ఉండాల్సిందే. మాటిమాటికీ పడిపోతోందని ఆర్‌సీసీబీని తప్పించి నేరుగా వైర్లు కలిపేయడం మన ఇళ్లలో తరచూ జరిగే పని. దయచేసి అది చేయనివ్వకండి. ముందు అన్ని ప్లగ్గులూ తీసేసి స్విచ్చు ఎత్తండి. నిలబడితే ఒక్కొక్కటే పెట్టుకుంటూ రండి, ఏది పెట్టగానే పడిందో దానిలోనే లీకు. ఎమ్‌సీబీలన్నీ దించినా పడుతుంటే, ఎక్కడో న్యూట్రల్ గోడ తడికో ఎర్త్ తీగకో తగులుతోందని అర్థం. ఎందుకంటే ఇళ్లలో మామూలుగా పెట్టే ఎమ్‌సీబీ ఫేజ్‌ని మాత్రమే కోస్తుంది, న్యూట్రల్ కలిసే ఉంటుంది.

ఇంకో అలవాటు ఉంది, నా దృష్టిలో అన్నిటికంటే చెడ్డది. ఎర్త్ తీగ లాగడం బద్ధకమై, సాకెట్లో న్యూట్రల్ నుంచి చిన్న వైరు ముక్కతో ఎర్త్ పిన్ను కలిపేస్తారు. టెస్ట్ లాంపు పెట్టి చూస్తే ఎర్త్ ఉన్నట్టే వెలుగుతుంది. గాలివానకు ఆ న్యూట్రల్ ఎక్కడైనా తెగిన రోజున ఏ లోపమూ లేని ఫ్రిజ్జు ఒంటి మీదికి 230 వోల్టులూ వస్తాయి. మెయిన్ ఆపి, సాకెట్ విప్పించి, ఆ ముక్క ఉందేమో కంటితో చూడటమే దీనికి పరీక్ష.

ఇంటి బోర్డు దాటి బయటికొస్తే ఆర్‌సీసీబీ లేదు, మట్టిలెక్క మాత్రం అదే. పొలంలో 11 కేవీ తీగ తెగి పొడి నేల మీద పడిందనుకోండి. ఒక్కో తీగకూ భూమికీ మధ్య 6,350 వోల్టులు. తగిలిన చోట నిరోధం 500 ఓమ్‌లైతే పారేది 12.7 ఆంపియర్లే. ఆ ఫీడరు రోజూ మోసే లోడు అంతకంటే చాలా ఎక్కువ. సబ్‌స్టేషన్‌లోని రిలేకు అది లోపంగా కనిపించకపోవచ్చు. అందుకే తెగిన తీగ బతికే ఉందనుకోవాలి. ఆ తీగ చుట్టూ నేలలో అడుగడుగుకూ వోల్టేజి మారుతుంటుంది, పెద్ద అంగ వేస్తే ఆ తేడా కాళ్ల గుండా ఒంట్లోకి వస్తుంది. దగ్గరలో ఉంటే పాదాలు రెండూ ఎడం కానివ్వకుండా, నేల మీద నుంచి ఎత్తకుండా ఈడ్చుకుంటూ దూరం జరగాలి. పశువులకు ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ దూరం ఎక్కువ, అవి ముందు పడిపోవడానికి కారణం అదే.

మేడ మీదికి ఇనుప చువ్వలు లాగేటప్పుడు, అల్యూమినియం నిచ్చెన తిప్పేటప్పుడు, ఊరేగింపు వాహనం మీద జెండా కర్ర నిలబెట్టేటప్పుడు జరిగే మరణాలూ ఈ తీగల వల్లే. నిబంధన ప్రకారం 11 కేవీ తీగకు భవనం పక్కనుంచి కనీసం 1.2 మీటర్లు, పైనుంచి 3.7 మీటర్లు ఎడం ఉండాలి. అది కదలని గోడకు పెట్టిన కొలత. చేతిలో 6 మీటర్ల చువ్వ పట్టుకుని తిరిగే మేస్త్రీకి ఏమాత్రం చాలదు. అక్కడ సరఫరా ఆపించి పని చేయడమొక్కటే దారి. లైన్‌మన్‌లు సబ్‌స్టేషన్ నుంచి ‘ఎల్‌సీ’ తీసుకున్నాక కూడా, పని చేసే చోటుకు రెండు వైపులా తీగలకు ఎర్త్ రాడ్లు తగిలించనిదే చెయ్యి పెట్టకూడదు. ఎవరింటి జనరేటరో ట్రాన్స్‌ఫార్మర్‌ను తలకిందులుగా నడిపి, ఆగిన లైనును మళ్లీ బతికించగలదు.

రైతులు తామే ఫ్యూజులు వేసుకునే 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మరో ప్రమాదం ఉంది. దాని పూర్తి లోడు సుమారు 133 ఆంపియర్లు. మోటారు లైనులో షార్ట్ ఉండగా ఫ్యూజు గుచ్చితే, పెట్టె దగ్గర క్షణకాలం పారగలిగేది 3,000 ఆంపియర్ల దాకా. ఫ్యూజు మొనకూ క్లిప్పుకూ మధ్య గాలే మండే ప్లాస్మాగా మారుతుంది. ఆ మంట వేడి వేల డిగ్రీలు. రాగి ఆవిరై పేలుతుంది, తీగను తాకకుండానే ముఖం, చేతులు, కళ్లు కాలిపోతాయి. దీన్నే ఆర్క్ ఫ్లాష్ అంటారు. దీనికి రబ్బరు చెప్పులూ పొడి కర్రా అడ్డు కావు, ఎందుకంటే ఇది షాక్ కాదు, వేడి. ఫ్యూజు కొట్టేసిందంటే ఎక్కడో కారణం ఉంది. ఆ కారణం తెలుసుకోకుండా లావు తీగ చుట్టి మళ్లీ గుచ్చకండి. లైన్‌మన్‌ని పిలవండి, అందకపోతే 1912కు ఫోన్ చేయండి. ఒక పూట పంటకు తడి ఆలస్యమైతే పైరు తట్టుకుంటుంది.