టెలిఫోనులో ‘హలో’

టెలిఫోను చేతికి తీసికొనగనే మన నోట వెలువడు మొదటి మాట ‘హలో’. ఇది టెలిఫోను నిర్మాత అలెగ్జాండర్ గ్రాహం బెల్ ప్రియురాలి పేరని మన దేశమున ఒక కథ వ్యాపించియున్నది. అది కట్టుకథ. 1877 జులైలో బెల్ వివాహమాడిన కన్య పేరు మేబెల్ హబ్బర్డ్. అంతేకాదు, ‘హలో’ బెల్ ఎంచుకొన్న మాటయే కాదు. నావికులు దూరముననున్న ఓడను పిలుచుటకు వేయు ‘అహోయ్’ అను కేకయే ఆయనకు ఇష్టము.

అసలు ఇట్టి కేకతో పనియేమి? తొలినాటి టెలిఫోనునకు గంట లేదు. రెండు కార్యాలయముల నడుమ తీగ వేసి, దానిని ఎల్లప్పుడు కలిపియే ఉంచవచ్చునని ఆనాటివారు తలచిరి. అట్లైనచో, యంత్రమునకు ఎడముగా కూర్చుండి వేరొక పనిలోనున్న మనిషికి పిలుపు తెలియుటెట్లు? 1877 ఆగస్టు 15వ తేదీన థామస్ ఎడిసన్ పిట్స్‌బర్గులోని ఒక టెలిగ్రాఫు కంపెనీ అధ్యక్షునకు ఈ విషయమై లేఖ వ్రాసెను. ‘హలో’ అన్నచో 10 మొదలు 20 అడుగుల దూరము వినవచ్చును గనుక, పిలుపుగంట అక్కరలేదని ఆయన అభిప్రాయము. ఈ లేఖను 1987లో ఆలెన్ కోనిగ్స్‌బర్గ్ అను పరిశోధకుడు వెలికితీసెను.

ఎడిసన్ ఈ మాటను సృష్టింపలేదు. అప్పటికి అర్ధశతాబ్ది ముందే అది అమెరికాలో అచ్చైయున్నది. కాని అప్పుడది మర్యాదగల పలకరింపు కాదు. మన ‘ఓయీ’ వలె దూరపువానిని కేకవేయుటకో, ఆశ్చర్యమును తెలుపుటకో వాడబడుచుండెడిది.

దానికి వ్యాప్తి కలిగించినది టెలిఫోను ఎక్స్ఛేంజి. 1878 జనవరి 28వ తేదీన న్యూహేవెన్ నగరమున 21 మంది చందాదారులతో మొదటి వాణిజ్య ఎక్స్ఛేంజి ప్రారంభమైనది. ఆ ఏడు నవంబరులో వెలువడిన చందాదారుల పట్టికలో, సంభాషణను ‘హలో’ వంటి పిలుపుతో మొదలిడి, ‘అంతే’ అని ముగింపవలెనని సూచించిరి. ఆ ముగింపుమాట నిలువలేదు, మొదటిమాట నిలిచినది. ప్రతి పిలుపును ఆపరేటరు ద్వారా సాగవలసియుండుటచే, వారి నోటి మాటయే చందాదారులకును అలవాటైనది. క్రమముగా ఆపరేటరు యువతులకు ‘హలో గర్ల్స్’ అను పేరే ఏర్పడెను. మార్క్ ట్వేన్ 1889 నాటి తన నవలలో ఆ మాటను వాడెను.

ఇంగ్లండులో మాత్రము ‘ఉన్నారా?’ అను ప్రశ్నతో సంభాషణ నారంభించు అలవాటు చాలకాలము సాగినది. గొంతు తప్ప మనిషి కానరాని యంత్రమున ఆ ప్రశ్న సహజమే. అయినను, ప్రశ్నకు సమాధానము కావలెను. ‘హలో’ మాత్రము పిలుచువానికిని పలుకువానికిని ఒకే మాటగా సరిపోవును.

విచిత్రమేమనగా, ఎడిసన్ అక్కరలేదన్న గంట అనతికాలముననే టెలిఫోనులో చేరినది. గంటకు బదులుగా వచ్చిన కేక, గంట వచ్చిన పిదప పలకరింపుగా మారినది.